పీవో నంబరు, డెలివరీ కాంటాక్ట్: కొటేషన్‌ను ఆర్డరు చేసేముందు కస్టమరును ఎలా అడగాలి

వరంగల్‌లో మోటార్లు, బెల్టులు, బేరింగులు అమ్మే మాలాంటి దుకాణాలకు సెప్టెంబరు నెల చాలా బిజీ. పత్తి వచ్చేలోపు జిన్నింగ్ మిల్లులు సామాను మార్చుకుంటాయి. రోజుకు పది కొటేషన్లు పోతాయి. వాటిలో మూడో నాలుగో "ఓకే, పంపేయండి" అనే ఫోనుగా తిరిగొస్తాయి. ఆ మాట వినగానే కొటేషన్‌ను ఆర్డరుగా మార్చి, గోడౌనుకు చెప్పి, బండి మాట్లాడాలనిపిస్తుంది. అక్కడే ఒక్క నిమిషం ఆగి రెండు విషయాలు అడిగి తీసుకోవాలి. ఒకటి కస్టమరు రాసిచ్చే పర్చేజ్ ఆర్డరు, అంటే పీవో నంబరు, తేదీ. రెండోది సామాను దిగేచోట దాన్ని నిజంగా అందుకునే మనిషి పేరు, ఫోను.

ఈ రెండూ లేకుండా ఆర్డరు ఎక్కించకూడదని మా దుకాణంలో నియమం పెట్టుకుని చాలా ఏళ్లయింది. ఆ నియమం ఊరికే రాలేదు. ఒకసారి ఫోను మాట మీద సామాను పంపాం. వాళ్లు దించుకున్నారు, వాడుకున్నారు కూడా. బిల్లు మాత్రం అకౌంట్స్‌లో రెండు నెలలు పడి ఉంది. అడిగినప్పుడల్లా "దీనికి పీవో లేదు కదండీ" అనే జవాబు. చివరికి వెనక తేదీతో పీవో చేయడానికి వాళ్ల ఆడిట్ ఒప్పుకోలేదు. కొత్త తేదీతో పీవో వచ్చాక మేము పాత బిల్లుకు క్రెడిట్ నోటు ఇచ్చి, మళ్లీ బిల్లు వేశాం. అప్పు గడువు కూడా ఆ కొత్త తేదీ నుంచే లెక్కయ్యింది.

బిల్లు ఎక్కడ ఆగుతుందో ముందు తెలుసుకోవాలి

కాస్త పెద్ద కంపెనీ ఏదైనా డబ్బు ఇచ్చేముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది: వాళ్లు ఇచ్చిన పీవో, సామాను దిగాక స్టోరువాళ్లు రాసే జీఆర్‌ఎన్, మనం పంపిన బిల్లు. సరుకు పేరు, సంఖ్య, రేటు మూడింటిలో కలిస్తేనే చెల్లింపు కదులుతుంది. ఈ మూడింటినీ కలిపే దారం పీవో నంబరే. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో పీవో నంబరు కొట్టనిదే జీఆర్‌ఎన్ తెరుచుకోదు. అందుకే స్టోరు మనిషికి మనమీద ఎంత అభిమానం ఉన్నా ఆ నంబరు లేకుండా అతను ఏమీ చేయలేడు.

డెలివరీ కాంటాక్ట్ సంగతి ఇంకా ముందే, గేటు దగ్గరే తేలిపోతుంది. డ్రైవరు గేటు దగ్గరికి వెళ్లి చలానా చూపిస్తే వాచ్‌మన్ అడిగేవి రెండే: ఏ పీవో, లోపల ఎవరు చెప్పారు. చలానా మీద హైదరాబాద్ ఆఫీసు నంబరు ఉండి, అక్కడి పర్చేజ్ సారు మీటింగులో ఉంటే బండి రోడ్డు మీదే ఉంటుంది. వెయిటింగ్ చార్జి మనకు పడుతుంది.

మొదటి పని: కొటేషన్‌లోనే చెప్పేయడం

కస్టమరు ఓకే అన్నాక అడిగితే "ఇప్పుడిదేం కొత్త షరతు" అని విసుక్కుంటాడు. అదే మాట కొటేషన్ కింద ముందే ఉంటే విసుగుండదు. మేము రేట్ల పట్టిక కిందే, కంటికి కనబడేలా రెండు వాక్యాలు రాస్తాం:

"ఈ కొటేషన్ 15 రోజుల వరకు చెల్లుతుంది. మీ పీవో కాపీ, డెలివరీ స్థలంలో సామాను అందుకునేవారి పేరు, మొబైల్ నంబరు అందిన రోజు నుంచి డెలివరీ గడువు మొదలవుతుంది."

రెండో వాక్యమే అసలు పని చేస్తుంది. వివరాలు ఆలస్యమైతే గడువు కూడా అంతే జరుగుతుందని కస్టమరుకు తెలిస్తే, వాళ్ల పర్చేజ్ వాళ్లను వాళ్లే తొందర పెడతారు. మనం వెంటపడాల్సిన పని సగం తగ్గుతుంది.

ఎవరిని అడగాలి

చాలామంది పొరపడేది ఇక్కడే. ఓకే చెప్పింది మిల్లులో ఉండే మెయింటెనెన్స్ సారు. అతనికి సామాను కావాలి, కానీ పీవో అతని చేతిలో ఉండదు. అతను స్టోరుకు ఇండెంటు రాస్తాడు, స్టోరు నుంచి అది పర్చేజ్‌కు పోతుంది, పర్చేజ్ వాళ్లు సంతకం చేయించి పీవో విడుదల చేస్తారు. అంటే పీవో నంబరు పర్చేజ్ వాళ్లను అడగాలి. అందుకునే మనిషి వివరం స్టోరు వాళ్లను అడగాలి. రెండూ ఒకరినే అడిగితే, ఆ ఒక్కరు తనకు తెలియని రెండోదాన్ని అందాజుగా చెప్పేస్తారు.

కాబట్టి ఓకే చెప్పిన మనిషినే ముందు ఇలా అడగండి: "సంతోషం సార్. పీవో ఎవరు ఇస్తారో, సామాను ఎవరు దించుకుంటారో ఇద్దరి నంబర్లు చెప్పండి, నేనే మాట్లాడుకుంటా." అతని భుజం మీద పని పెట్టకుండా దారి మాత్రమే అడుగుతున్నాం కనుక ఎవరూ కాదనరు.

అడిగే తీరు

ఫోనులో అడగాలి, వెంటనే అదే విషయం వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయాలి. ఫోను మాత్రమే చేస్తే నంబరు తప్పుగా వింటాం. మెసేజ్ మాత్రమే పెడితే అది వంద మెసేజ్‌ల కింద పడిపోతుంది. మెసేజ్‌లో మన కొటేషన్ నంబరు, తేదీ, మొత్తం తప్పక ఉండాలి. పర్చేజ్ డెస్కులో కూర్చున్న మనిషి ఒకేరోజు ఇరవై మందితో మాట్లాడతాడు. "నిన్న మాట్లాడాం కదా సార్" అంటే అతనికి ఏమీ గుర్తు రాదు.

మేము పంపేది ఇలా ఉంటుంది:

"నమస్కారం సార్. మా కొటేషన్ 118, తేదీ 15-09-2025, టాక్సుతో కలిపి రూ. 93,220కు మీ మిల్లు నుంచి ఓకే వచ్చింది. ఆర్డరు ఎక్కించడానికి రెండు వివరాలు కావాలి. 1. పీవో నంబరు, తేదీ (పీడీఎఫ్ కాపీ పంపితే మేలు). 2. మిల్లులో సామాను దించుకునేవారి పేరు, మొబైల్, ఏ టైముకు రావచ్చు. ఇవి రేపు మధ్యాహ్నం 1 గంటలోపు అందితే శనివారం పొద్దున డెలివరీ ఇవ్వగలం."

గడువు చెప్పినప్పుడు దానికి మన వైపు నుంచి ఒక ఫలితాన్ని జోడించాలి. "త్వరగా పంపండి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఒంటిగంటలోపు వస్తే శనివారం" అంటే ఒంటిగంట దాటితే శనివారం రాదని వాళ్లకే అర్థమవుతుంది. చెప్పినదానికి మనం కూడా కట్టుబడాలి. ఒకసారి గడువు దాటాక కూడా పంపామంటే ఆ తరువాత మన గడువును ఎవరూ లెక్కచేయరు.

వచ్చింది నిజంగా పీవో నంబరేనా?

"పీవో నంబరు చెప్పండి" అంటే ఒక నంబరు వస్తుంది. అది పీవో నంబరే అనుకోవద్దు. మూడు రకాల తప్పు నంబర్లు మాకు తరచూ వస్తుంటాయి. ఒకటి ఇండెంటు నంబరు, అంటే వాళ్ల లోపలి కోరిక కాగితం. అది ఇంకా ఆమోదం కాలేదు, కాకపోవచ్చు కూడా. రెండోది మన కొటేషన్ నంబరునే తిప్పి చెప్పడం. మూడోది పోయిన సీజన్ పాత పీవో.

తేడా తెలుసుకోవడానికి సులువైన దారి, నంబరుతో పాటు తేదీ అడగడం, కాపీ చూడటం. మన కొటేషన్ కంటే ముందు తేదీ ఉంటే అనుమానించాలి. శాప్ సాఫ్ట్‌వేర్ వాడే పెద్ద కంపెనీల్లో సాధారణంగా పీవో నంబరు 45తో మొదలయ్యే పది అంకెలుగా ఉంటుంది, లోపలి కోరిక కాగితం నంబరు 10తో మొదలవుతుంది. కంపెనీ మార్చుకుంటే ఇవి మారతాయి కానీ 10తో మొదలైన నంబరు వస్తే మాత్రం ఇంకోసారి అడిగితే పోయేదేం లేదు.

కాపీ చేతికొచ్చాక నంబరును చూసి టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి. "JKT/PO/25-26/0417" లాంటి నంబరులో సున్నాకూ ఇంగ్లిష్ O అక్షరానికీ తేడా కంటికి తెలియదు. ఒక్క గీత తప్పినా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో మన బిల్లు దొరకదు.

పీవోను కొటేషన్ పక్కన పెట్టి చదవాలి

నంబరు వచ్చింది కదా అని ఆర్డరు ఎక్కించేస్తే సగం పనే అయినట్టు. పైన చెప్పిన కొటేషన్ 118 సంగతే చూద్దాం. జమ్మికుంట దగ్గర జిన్నింగ్ మిల్లు, ఆఫీసు హైదరాబాద్‌లో. మేము చెప్పింది: మోటార్లు 2, ఒక్కొక్కటి రూ. 24,500. వీ-బెల్టులు 24, ఒక్కొక్కటి రూ. 850. బేరింగులు 8, ఒక్కొక్కటి రూ. 1,200. మొత్తం రూ. 79,000, జీఎస్టీ 18 శాతం రూ. 14,220, కలిపి రూ. 93,220. బండి కిరాయి రూ. 1,500 వేరు అని కింద రాశాం.

పీవో గురువారం వచ్చింది. సంఖ్యలు కలిశాయి, రేట్లు కలిశాయి, మొత్తం కూడా పైసాతో సహా కలిసింది. అందుకే మా కుర్రాడు వెంటనే ఎక్కించబోయాడు. కానీ రెండో పేజీలో షరతుల మధ్య "ఎఫ్‌ఓఆర్ సైట్" అని ఉంది. అంటే సైటు దాకా కిరాయి మనదే. మన కొటేషన్‌లో కిరాయి వాళ్లది. ఇలాంటి తేడాలు మొత్తంలో కనబడవు, షరతుల్లో దాక్కుంటాయి. అందుకే చివరి పేజీ దాకా చదవాలి: కిరాయి ఎవరిది, చెల్లింపు ఎన్ని రోజులకు, ఆలస్యమైతే కోత ఉందా, డెలివరీ చిరునామా ఏది.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతులు మార్చకుండా, పూర్తిగా ఉండాలి. మన షరతు ఒక్కటి మార్చి పంపిన పీవో మన కొటేషన్‌కు అంగీకారం కాదు, వాళ్ల వైపు నుంచి వచ్చిన కొత్త ప్రతిపాదన. దాని మీద మనం ఏమీ అనకుండా సామాను పంపితే ఆ కొత్త షరతుకు మనం ఒప్పుకున్నట్టే అవుతుంది. తరువాత "మేము కిరాయి వేరు అన్నాం" అని వాదించినా నిలబడటం కష్టం.

మేము పర్చేజ్ సారుకు ఫోను చేశాం. "సార్, పీవో అందింది. అంతా సరిగ్గా ఉంది, ఒక్క కిరాయి దగ్గరే తేడా. మేము వేరు అని రాశాం, మీ పీవోలో మా మీద ఉంది. పీవో మార్చి పంపుతారా?" వాళ్ల ఫార్మాట్‌లో అది అచ్చయి ఉండే లైను అని తేలింది, ఎవరూ కావాలని పెట్టలేదు. శుక్రవారం పొద్దున అదే నంబరుకు సవరణ-1 వచ్చింది, కిరాయి రూ. 1,500 వేరే లైనుగా. అలా సవరణ వచ్చినప్పుడు ఆర్డరులో పీవో నంబరు పక్కన సవరణ నంబరు, దాని తేదీ కూడా రాయాలి. పాత కాపీని ఫోల్డరులోంచి తీసేయకండి, పేరులో "రద్దు" అని చేర్చి ఉంచండి.

డెలివరీ కాంటాక్ట్: పేరు, నంబరుతో సరిపోదు

పీవో మీద సాధారణంగా ఒక కాంటాక్ట్ నంబరు ఉంటుంది. అది పర్చేజ్ వాళ్లది. డ్రైవరుకు అది పనికిరాదు. మనకు కావాల్సింది బండి వచ్చినప్పుడు గేటు దాకా నడిచి వచ్చే మనిషి.

ఆ మనిషికి మనమే ఫోను చేసి మాట్లాడాలి. నంబరు రాసుకుని ఊరుకుంటే అది పనిచేస్తుందో లేదో బండి వెళ్లాక తెలుస్తుంది. జమ్మికుంట స్టోర్ ఇన్‌చార్జితో మా మాటలు దాదాపు ఇలా నడిచాయి.

"అన్నా, వరంగల్ నుంచి మాట్లాడుతున్న. మీ హైదరాబాద్ ఆఫీసు నుంచి 417 పీవో వచ్చింది. రెండు మోటార్లు, బెల్టులు, బేరింగులు. దించుకునేది మీరేనా?"

"నేనే అన్నా. ఎప్పుడొస్తది బండి?"

"శనివారం పొద్దున. మీ దగ్గర ఎన్నింటిదాకా తీసుకుంటరు?"

"ఒంటిగంటదాకనే. ఆ తర్వాత హమాలీలుండరు. ఆదివారం అసలే వద్దు, ఎంగిలిపూల బతుకమ్మ, ఒక్కడు రాడు."

"మీరు లేకుంటే ఇంకెవరు?"

"మా అసిస్టెంట్ ఉంటడు, నంబరు పంపుత."

పీవోలో ఈ మాటలు ఏవీ ఉండవు. పీవోలో డెలివరీ తేదీ 21-09-2025 అని ఉంది, అంటే ఆదివారమే. కాగితం ప్రకారం వెళ్లి ఉంటే బండి మూసిన గేటు ముందు నిలబడేది. అందుకే స్టోరు మనిషిని అడగాల్సినవి ఇవి: ఏ టైముకు దించుకుంటారు, సెలవు ఏ రోజు, బరువైనది దించడానికి మనుషులున్నారా లేక మన డ్రైవరు వెంట ఒకరు రావాలా, తను లేకపోతే రెండో మనిషి ఎవరు, బండి గేటు దాకా వస్తుందా. ఒక పల్లె దగ్గర రైల్వే గేటు పక్క దారిలో చిన్న ట్రాలీ తప్ప పట్టదని ఒక స్టోరు మనిషి చెప్పబట్టే మేము ఒకసారి పెద్ద బండి పంపకుండా ఆగాం.

ఆ మాటలయ్యాక లొకేషన్ వాట్సాప్‌లో పంపమని అడగండి. పీవో మీది చిరునామా, ఆ లొకేషన్ ఒకే ఊరు చూపిస్తున్నాయో లేదో సరిచూడండి. కలవకపోతే బండి కదలకముందే పర్చేజ్ వాళ్లతో రాతలో సరిచేయించుకోవాలి. స్టోరు మనిషి నోటి మాట మీద వేరే చోట దించితే, పీవో ప్రకారం మనం అసలు డెలివరీ ఇవ్వనట్టే లెక్క.

"ముందు పంపుండ్రి, పీవో తర్వాత ఇస్త" అంటే

ఈ మాట తప్పక వింటారు, అదీ పాత కస్టమరు దగ్గరే. మిల్లు ఆగిపోయి ఉంటుంది, వాళ్ల టెన్షన్ నిజమే. కాదు అని ముఖం మీద అనలేం. మా దగ్గర ఉన్న మధ్యదారి ఇది: సామాను పక్కకు తీసి, వాళ్ల పేరు రాసి, ప్యాక్ చేసి పెడతాం. "సార్, మీ సామాను ప్యాక్ అయింది, బండి కూడా మాట్లాడాం. పీవో నంబరు మెసేజ్ రాగానే పది నిమిషాల్లో కదులుతుంది" అని ఫోటో పంపుతాం. ఆలస్యం మన దగ్గర లేదని వాళ్లకు కళ్లకు కనబడుతుంది. చాలాసార్లు గంటలోపే నంబరు వస్తుంది.

నిజంగా ఆగలేని పరిస్థితి అయితే, పీవో మీద సంతకం చేసే అధికారం ఉన్నవాళ్ల నుంచి కంపెనీ మెయిల్ ఐడీతో ఒక లైను తీసుకోండి: ఏ కొటేషన్, ఎంత మొత్తం, పీవో ఏ తేదీలోపు ఇస్తారు. మెయింటెనెన్స్ సారు సొంత ఫోను నుంచి పెట్టిన మెసేజ్ దీనికి చాలదు. అతను రేపు ఉద్యోగం మారితే ఆ మెసేజ్‌కు దిక్కుండదు. ఇలా పంపిన ఆర్డర్లను మేము వేరే పుస్తకంలో రాసి, పీవో వచ్చేదాకా రోజూ పొద్దున చూస్తాం. ఒకే కస్టమరుకు రెండోది ఇలా పంపం, మొదటిదానికి పీవో వచ్చేదాకా.

పీవో అనేదే లేని కస్టమర్లు

చిన్న రైస్ మిల్లు సేటు, బోరు మోటారు కొనే రైతు, ఒకే యజమాని నడిపే కార్ఖానా పీవో ఇవ్వరు. వాళ్లను పీవో కోసం పీడించడం తప్పు. కొటేషన్ కింద "పై రేట్లకు ఆర్డరు ఇస్తున్నాను" అని సంతకం, తేదీ తీసుకుంటే చాలు. లేదా కొటేషన్ ఫోటో కిందే వాట్సాప్‌లో అంతే రాసి పంపమనాలి. పీవో నంబరు గడిలో "వాట్సాప్ 17-09-2025" అనో, "సంతకం చేసిన కొటేషన్ 118" అనో రాయండి. ఆ గడిలో చుక్కనో, గీతనో పెట్టి ముందుకు పోయే అలవాటు మాత్రం వద్దు. ఆరు నెలల తరువాత చూసేవాళ్లకు అది పీవో లేని కస్టమరో, అడగడం మరిచిన ఆర్డరో తెలియదు. ప్రభుత్వ ఆఫీసులైతే దాన్ని సప్లై ఆర్డరు అంటారు, దాని మీద ఉండే నంబరు, తేదీనే పీవో స్థానంలో వాడాలి.

డెలివరీ కాంటాక్ట్ విషయంలో మాత్రం వీళ్లకూ మినహాయింపు లేదు. రైతు ఫోను పొలంలో సిగ్నల్ లేక పలకదు, ఇంట్లో వాళ్ల నంబరు కూడా తీసుకోవాలి.

ఎక్కించడం, బండి కదలడం

అన్నీ చేతికొచ్చాకే ఎంట్రీ. టాలీప్రైమ్‌లో అయితే సేల్స్ ఆర్డరు వోచరులో `Order No.` దగ్గర కస్టమరు పీవో నంబరు వేయాలి. తరువాత బిల్లు వేసేటప్పుడు అదే ఆర్డరును ఎంచుకుంటే ఆ నంబరు బిల్లు మీద `Buyer's Order No.` దగ్గరికి వచ్చి చేరుతుంది, పక్కనే `Dated` ఉంటుంది. అక్కడ పీవో తేదీ పడిందో, మన ఆర్డరు ఎంట్రీ తేదీ పడిందో ఒకసారి చూడండి. బిల్లు హైదరాబాద్ ఆఫీసు పేరు మీద, సామాను జమ్మికుంటకు పోతుంది కాబట్టి `Buyer (Bill to)` దగ్గర ఆఫీసు, `Consignee (Ship to)` దగ్గర మిల్లు ఉండాలి. జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36. పీవో మీది నంబరు వేరే అంకెలతో మొదలైతే అది వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్, బిల్లు వేసేముందే అడగాలి.

సరుకు విలువ రూ. 50,000 దాటింది కనుక ఈ-వే బిల్లు కావాలి. ఇందులో డెలివరీ చిరునామా పిన్‌కోడుతో సహా వేయాలి. ఆ చిరునామా డెలివరీ కాంటాక్టుతో మాట్లాడి ఖాయం చేసుకున్నదే అయ్యుండాలి. మామూలు బండికి 200 కిలోమీటర్ల దాకా ఈ-వే బిల్లు ఒక రోజే చెల్లుతుంది. గేటు మూసి ఉండి బండి మూడు రోజులు నిలబడితే ఆ గడువు కూడా దాటిపోతుంది.

చలానా మీద పీవో నంబరు, సవరణ-1, స్టోర్ ఇన్‌చార్జి పేరు, ఇద్దరి మొబైల్ నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసి డ్రైవరుకు ఇచ్చాం. శనివారం ఏడున్నరకు బండి కదిలే ముందు స్టోరు మనిషికి బండి నంబరు, డ్రైవరు నంబరు మెసేజ్ పెట్టాం. పదకొండులోపు సామాను దిగింది. చలానా కాపీ మీద వాళ్ల ముద్ర, సంతకం, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని ఫోటో తీసి పంపమని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాం. ఆ ఫోటోను, పీవో సవరణను, బిల్లును ఒకే మెయిల్‌లో పెట్టి ఆ సాయంత్రమే హైదరాబాద్ అకౌంట్స్‌కు పంపాం.